ఐదు నెలలు ఆగి థాంక్స్ చెప్తే ఏమనుకుంటారో!

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. జూన్ మొదటివారంలో టీచర్ల కోసం జరిగిన ఒక వెబినార్ విన్నాను. మాట్లాడిన మేడం వేరే రాష్ట్రంలో ప్రొఫెసర్, తెలుగావిడే. పాఠం మళ్లీ చదివించే బదులు పుస్తకం మూయించి, గుర్తున్నది రాయించండి, మార్కులు వెయ్యకండి అన్నారు. జులైలో 9వ తరగతి బి సెక్షన్‌లో మొదలుపెట్టాను. మొదటివారం పూర్తిగా పాడైంది. పిల్లలు స్లిప్ టెస్ట్ అనుకుని భయపడ్డారు, పక్కవాళ్లవి చూసి రాశారు. తర్వాత నేనే మార్చుకున్నాను. బోర్డు మీద మూడే ప్రశ్నలు: ఒకటి నిన్నటిది, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది. నోట్‌బుక్ వెనక పేజీల్లో రాసి, పుస్తకం తెరిచి వాళ్లే వేరే పెన్‌తో దిద్దుకుంటారు. ఏడు నిమిషాలు. దసరా సెలవుల తర్వాత చెప్పకుండా అడిగితే సరళ కణజాలాలు మూడింటి పేర్లూ 38 మందిలో 27 మంది రాశారు. 'ఏ' సెక్షన్‌లో మాత్రం ఈ పద్ధతి చేయలేదు, అక్కడ 36 మందిలో 11 మందే రాశారు.

ఆ మేడంకి థాంక్స్ చెప్తూ మెయిల్ రాద్దామని కూర్చుంటే పేజీన్నర అయింది, పంపలేకపోతున్నాను. ఐదు నెలలైంది, నేనెవరో ఆవిడకి తెలీదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేయలేదు. ఇంగ్లిష్‌లో రాయాలంటే టెన్షన్. స్టాఫ్ రూమ్‌లో ఒక సార్, కాకా పడుతున్నారా మేడం అన్నారు. హెచ్చెమ్ గారేమో తనని సీసీలో పెట్టమంటున్నారు. ఇంకోటి, ఆరుగురు పిల్లలు ఇప్పటికీ ఖాళీ పేజీయే ఇస్తారు, దాని గురించి కూడా అడగాలని ఉంది. నా డ్రాఫ్ట్ జతచేశాను. ఏం చేయమంటారు?

— ఒక టీచర్

టీచర్ గారూ,

మీ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. ఐదు నెలల సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీరు దేన్ని తప్పుగా చూస్తున్నారో ఆ ఆలస్యమే ఈ మెయిల్‌కి ఉన్న బలం. జూన్‌లో వెబినార్ అయిన రాత్రే మీరు మెయిల్ పెట్టి ఉంటే ఏం రాసేవారు? చాలా బాగుంది మేడం, ఎన్నో కొత్త విషయాలు తెలిశాయి అని. అది ఆవిడకి ఆ రోజే చాట్‌లో వంద మంది రాసి ఉంటారు. నేనూ కొన్నేళ్లపాటు టీచర్ల ట్రైనింగుల్లో ఆన్‌లైన్లో మాట్లాడాను కాబట్టి అటువైపు ఎలా ఉంటుందో చెప్తాను. స్క్రీన్ నిండా పేర్లు రాసిన నల్ల గళ్లు, మైకులన్నీ మ్యూట్, మనం నవ్వితే ఎవరైనా నవ్వారో లేదో కూడా తెలీదు. చివరి ఐదు నిమిషాల్లో ఫీడ్‌బ్యాక్ ఫారం లింక్ వస్తుంది, అది నింపితేనే సర్టిఫికెట్, అందుకని చాట్‌లో థాంక్యూ సర్, నైస్ సెషన్ మేడం అని గబగబా వరసపెట్టి వచ్చి అంతలోనే గళ్లన్నీ ఖాళీ అయిపోతాయి. ఆ తర్వాత మనం చెప్పింది ఎవరైనా క్లాసులోకి తీసుకెళ్లారా, తీసుకెళ్తే ఏమైంది అన్నది తెలిసే దారే ఉండదు. నాకు ఒక్కసారి, మాట్లాడిన ఎనిమిది నెలలకి, ఒకావిడ మెయిల్ పెట్టారు. నేను చెప్పిన ఒక చిన్న పద్ధతి తన క్లాసులో ఎక్కడ పని చేసిందో, ఎక్కడ చేయలేదో పది వాక్యాల్లో రాశారు. తర్వాత ప్రతి ట్రైనింగ్‌లోనూ ఆ భాగాన్ని ఆవిడ రాసిన ప్రకారం మార్చుకునే చెప్పాను. కాబట్టి ఆలస్యానికి క్షమాపణ చెప్తూ మీరు రాసిన మొదటి పేరా, మొత్తం ఏడు లైన్లు, తీసేయండి. జులై నుంచి దసరా దాకా చేసి చూశాకే రాస్తున్నాను అన్న ఒక్క ముక్క చాలు, ఐదు నెలలు ఎందుకు పట్టిందో దాంట్లోనే ఉంది.

ఏమనుకుంటారో అన్న భయం గురించి ఒక పరిశోధన ఉంది. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు, తమకి మేలు చేసినవాళ్లకి థాంక్స్ చెప్తూ ఉత్తరాలు రాయమని కొందరిని అడిగి, అందుకున్నవాళ్లకి ఎలా ఉంటుందో ముందే ఊహించమన్నారు. తర్వాత అందుకున్నవాళ్లనీ అడిగారు. రాసినవాళ్లు, అవతలివాళ్లు ఎంత ఆశ్చర్యపోతారో, ఎంత సంతోషిస్తారో తక్కువగా అంచనా వేశారు, ఎంత ఇబ్బంది పడతారో మాత్రం ఎక్కువగా అంచనా వేశారు. రాసేవాళ్ల ధ్యాసంతా మాటలు సరిగ్గా కుదిరాయా లేదా అన్నదాని మీద ఉంటే, చదివేవాళ్ల ధ్యాస అందులో ఉన్న ఆప్యాయత మీద ఉందట. ఆ ఉత్తరాలు తమ జీవితంలో ఉన్నవాళ్లకి రాసినవి, మీ మేడంకి మీరు కొత్త, ఆ తేడా ఉంది. అయినా పేజీన్నర రాసుకుని పంపకుండా కూర్చోవడం చూస్తుంటే మీ పరిస్థితి కూడా అదేననిపిస్తోంది.

ఇక డ్రాఫ్ట్ లోపలికి వద్దాం. అందులో ఆవిడని పొగిడిన వాక్యాలు పదకొండు లెక్కపెట్టాను, క్లాసులో జరిగింది చెప్పే వాక్యాలు నాలుగు. మీ స్టాఫ్ రూమ్ సార్ అన్న మాటకి సమాధానం ఈ లెక్కలోనే ఉంది. 'మీ జ్ఞానం అపారం', 'మీలాంటివారు ఉండటం మా అదృష్టం' లాంటివి ఎవరైనా ఎవరికైనా రాయొచ్చు, ఆ వెబినార్ వినకపోయినా రాయొచ్చు. అందుకే కాకా పట్టినట్టు అనిపిస్తుంది. 'పుస్తకం తెరిచి వేరే పెన్‌తో దిద్దుకుంటారు' అన్న వాక్యం మాత్రం మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు. పొగడ్తలు తీసేసి ఆ నాలుగు వాక్యాలని పది చేయండి. చదివిన ఎవరికీ కాకా అన్న మాటే గుర్తురాదు.

ఆ పదిలోకి ఏం రావాలి అన్నదే అసలు సంగతి. మీరు ఆవిడ చెప్పిన ఐదారు విషయాలూ ఏకరువు పెట్టారు, ఫ్లాష్ కార్డులు, గ్రూపు చర్చలు, అన్నీ. వాటిలో మీరు చేసింది ఒక్కటే కదా, దాన్ని ఉంచి మిగిలినవి వదిలేయండి. ఆ ఒక్కదాన్ని కూడా 'మీరు కనిపెట్టిన పద్ధతి' అని రాశారు, అది మార్చాలి. ఆవిడ ఎడ్యుకేషన్ ప్రొఫెసర్, ఆ మాట చూసి ఇబ్బంది పడతారు. గుర్తు తెచ్చుకుని చెప్పడం వల్ల ఎక్కువ నిలుస్తుందన్నది 1917లోనే ఆర్థర్ గేట్స్ పిల్లల మీద ప్రయోగం చేసి చూపించారు. మన బళ్లలో అయితే దీనికి అప్పజెప్పడం అని చక్కటి మాటే ఉంది, ఎక్కాలూ పద్యాలూ అలాగే కదా నేర్చుకున్నాం. కాకపోతే అప్పజెప్పడంలో అక్షరం పొల్లుపోకూడదు, తప్పితే దెబ్బ. మీ మేడం చెప్పినదాంట్లో మార్కూ లేదు, భయమూ లేదు, తప్పైతే తానే దిద్దుకోవచ్చు. 'మీరు ఆ రోజు చూపించిన పద్ధతి' అని రాస్తే నిజమూ అవుతుంది, గౌరవమూ తగ్గదు.

ఆవిడ ఆ రోజు 2006 నాటి ప్రయోగం ఒకటి చూపించారని మీ డ్రాఫ్ట్‌లో ఉంది. అది హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసినదే అయ్యుంటుంది. కాలేజీ విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు, ఇంకొందరు ఒక విడత చదివి మూడు విడతలు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే తలకిందులైంది, చదివినవాళ్లకి గుర్తున్నది సుమారు 40 శాతం, రాసినవాళ్లకి సుమారు 61 శాతం. దీన్ని ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, మీ మెయిల్‌లో ఏ అంకె పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్నది దీంతోనే తేలిపోతుంది.

మీరు రెండు ఫలితాలు రాశారు. ఒకటి, 'ఎఫ్ఏ-1 కన్నా ఎస్ఏ-1లో మా పిల్లలకి 30 శాతం మార్కులు పెరిగాయి, ఇదంతా మీ వల్లే'. ఈ వాక్యం తీసేయండి. ఆ రెండు పరీక్షల సిలబస్ వేరు, పేపర్ వేరు, ప్రశ్నల తీరు వేరు. ఎస్ఏ ముందు మీరే రెండు వారాలు రివిజన్ చేయించారని డ్రాఫ్ట్‌లో ఇంకోచోట ఉంది. ఆ పెరుగుదలలో ఆవిడ చెప్పిన పద్ధతి వాటా ఎంతో మీకూ తెలీదు, ఆవిడకి అంతకన్నా తెలీదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆవిడ సంతోషపడి ఇంకో వెబినార్‌లో 'ఒక ప్రభుత్వ పాఠశాలలో 30 శాతం పెరిగింది' అని చెప్పారనుకోండి, ఎవరైనా ఎలా కొలిచారని అడిగితే ఆవిడ దగ్గర జవాబుండదు. థాంక్స్ చెప్పబోయి ఆవిడని ఇరుకున పెట్టినవాళ్లమవుతాం.

రెండోది దసరా తర్వాత మీరు చూసింది. ఇది ఉంచండి, దీన్నే మధ్యలో పెట్టండి. సెలవులు గడిచాక, చెప్పకుండా, పుస్తకం లేకుండా అడిగారు. ఈ పద్ధతి ఫలితం కనపడాల్సింది సరిగ్గా అక్కడే, ఆ 2006 ప్రయోగంలో కనపడింది కూడా ఆలస్యంగా పెట్టిన పరీక్షలోనే. మృదు కణజాలం, స్థూలకోణ కణజాలం, దృఢ కణజాలం, ఈ మూడు పేర్లూ 27 మంది రాయగలిగారంటే అది ఆవిడ అర్థం చేసుకోగల ఫలితం. అయితే 'ఏ' సెక్షన్‌తో పోలిక పెట్టేటప్పుడు ఒక వాక్యం కలపాలి. బి సెక్షన్‌కి మీ క్లాసు మొదటి పీరియడ్, 'ఏ' సెక్షన్‌కి మధ్యాహ్న భోజనం అయ్యాక, పిల్లలు ప్లేట్లు కడుక్కుని వచ్చేసరికే పది నిమిషాలు పోతాయి, అందుకే అక్కడ ఈ పద్ధతి కుదరలేదు అని డ్రాఫ్ట్‌లో మీరే రాశారు. అంటే తేడాలో కొంత ఆ పీరియడ్ వల్ల కూడా అయ్యుండొచ్చు. ఆ సంగతి చెప్పేస్తే మీ అంకె బలహీనపడదు, పరిశోధన తెలిసినవాళ్లు అలాంటి అంకెనే నమ్ముతారు.

చెప్పింది చెప్పినట్టు చేయలేదని మీరు బాధపడుతున్నారు, మొదటివారం పాడైన సంగతి డ్రాఫ్ట్‌లో ఎక్కడా రాయలేదు కూడా, నాకు రాసిన ఉత్తరంలోనే చెప్పారు. నన్నడిగితే మొత్తం మెయిల్‌లో ఆవిడకి ఎక్కువ ఉపయోగపడేది అదే. తెల్లకాగితం ఇచ్చి గుర్తున్నదంతా రాయమంటే హైస్కూల్ పిల్లలు బిగుసుకుపోయారు, మూడు ప్రశ్నలుగా విడగొడితే కదిలారు. ఆవిడ కాలేజీ పిల్లలతో పనిచేసేవారైతే ఇది ఆవిడకి తెలిసే అవకాశమే తక్కువ. పైగా మీరు పెట్టిన మూడు ప్రశ్నల అమరిక, నిన్నటిది, పోయిన వారానిది, పోయిన నెలది, అది ఆవిడ చెప్పినదానికి ఎదురు కాదు, దానికే ఇంకో మెట్టు. ఇక్కడ ఒక్క జాగ్రత్త, ఏది ఆవిడ చెప్పింది, ఏది మీరు మార్చింది అన్నది విడివిడిగా రాయండి. కలిపేస్తే, మీ మార్పు వల్ల వచ్చిన మంచీ చెడూ ఆవిడ ఖాతాలో పడిపోతాయి.

హెచ్చెమ్ గారి సీసీ సంగతి ఇప్పుడు చెప్పడం తేలిక. సీసీలో పెడితే రెండు జరుగుతాయి. హెచ్చెమ్ గారు చదువుతున్నారని తెలిసి మీరు మొదటివారం సంగతి మళ్లీ తీసేస్తారు, 30 శాతం మళ్లీ పెడతారు. అటు మేడం కూడా ఇద్దరికీ కలిపి జవాబివ్వాల్సి వచ్చేసరికి మీతో మాట్లాడినట్టు రాయలేక, బడికి అభినందనలు అని నాలుగు మాటలతో సరిపెడతారు. పెట్టనంటే మాత్రం హెచ్చెమ్ గారికి మనసులో ఉండిపోతుంది, రోజూ మొహం చూసుకోవాల్సిన మనిషి, అదీ చిన్న విషయం కాదు. మధ్యేమార్గంగా, ఆ మొదటి పీరియడ్‌లో ఏడు నిమిషాలు ఇలా వాడుకోవడానికి హెచ్చెమ్ గారు ఒప్పుకున్నారు కదా, ఆ సంగతి మెయిల్‌లో ఒక వాక్యంగా రాయండి. అది నిజం కూడా. పంపాక ప్రింటు తీసి చూపించండి. 'మీ గురించి కూడా రాశాను మేడం' అని చూపిస్తే సీసీ సంగతి ఆవిడే మర్చిపోవచ్చు. అయినా పట్టుపడితే పెట్టేయండి, కానీ మొదటివారం పేరాని మాత్రం తీయకండి.

ఆరుగురు పిల్లల గురించి అడగాలా వద్దా అన్నదానికి మీ ముందు మూడు దారులున్నాయి. ఇదే మెయిల్‌లో వివరంగా అడగొచ్చు. అప్పుడు చదివేవారికి పైన రాసిన థాంక్స్ అంతా ఈ ప్రశ్న కోసమే అన్నట్టు అనిపించే ప్రమాదం ఉంది, పైగా జవాబు రాయాలంటే ఆలోచించాలి కాబట్టి తర్వాత చూద్దాం అని పక్కన పెట్టేస్తారు, అలా పక్కన పెట్టిన మెయిల్స్ సంగతి మనకి తెలుసు. అసలు అడగకుండా వదిలేయొచ్చు. అప్పుడు మెయిల్ తేలిగ్గా ఉంటుంది, ఆవిడ రెండు లైన్లు రాసినా సరిపోతుంది, కానీ మీ ఆరుగురి సంగతి అలాగే ఉండిపోతుంది. మూడోది, వాళ్ల గురించి జరిగిన విషయంగా ఒక్క వాక్యం రాసి, ప్రశ్న వేయకుండా ఆగడం. ఆసక్తి ఉంటే ఆవిడే అందుకుంటారు, అప్పుడు వివరంగా రాయొచ్చు. మీ డ్రాఫ్ట్ చివర్లో 'మా బడికి ఒకసారి ఆన్‌లైన్లో క్లాసు తీసుకోగలరా' అని కూడా ఉంది. అది మాత్రం ఈసారికి తప్పకుండా తీసేయండి, కావాలంటే నెల తర్వాత విడిగా అడగొచ్చు. నేను మూడోదారి వైపు ఉన్నాను, కానీ మీకు ఆ ఆరుగురి గురించే నిద్ర పట్టడం లేదంటే మొదటిదారిలోనే వెళ్లండి, కాకపోతే ప్రశ్న ఒక్కటే ఉండాలి, అది రెండు లైన్లు దాటకూడదు.

భాష గురించి. వెబినార్ చివర్లో ప్రశ్నలకి ఆ ప్రొఫెసర్ మేడం తెలుగులోనే జవాబిచ్చారని రాశారు కదా, అయితే తెలుగులో రాయండి. ఇంగ్లిష్‌లో రాస్తే ఒక లాభముంది, ఆవిడ తన డిపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా చూపించుకోవచ్చు. నష్టమేమిటంటే మీరు 'రెస్పెక్టెడ్ మేడం, విత్ గ్రేట్ రెస్పెక్ట్ ఐ యామ్ టు సబ్మిట్' దగ్గర మొదలై లీవ్ లెటర్ బాణీలోకి వెళ్లిపోతారు, మీ క్లాసు అందులో కనపడదు. తెలుగులో రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో టైప్ చేయించి మెయిల్‌లో అతికిస్తే అవతల అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనపడతాయి. ఫోన్‌లో జీబోర్డ్ తెలుగు కీబోర్డుతో నేరుగా మెయిల్లోనే కొట్టండి, లేదా అదే కీబోర్డులో మైకు గుర్తు నొక్కి చెప్పి, తర్వాత దిద్దుకోండి. పంపేముందు మీ సొంత అడ్రస్‌కే ఒకసారి పంపుకుని వేరే ఫోన్‌లో తెరిచి చూడండి. పీడీఎఫ్‌గా జతచేయొద్దు, తెలియని మనిషి పంపిన ఫైలు చాలామంది తెరవరు.

ఏ అడ్రస్‌కి పంపాలంటే, చివరి స్లైడ్‌లో ఆవిడ మెయిల్ ఉంటే, స్క్రీన్‌షాట్ తీసుకుని ఉంటే అదే. లేకపోతే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఆవిడ డిపార్ట్‌మెంట్ పేజీ చూడండి. సర్టిఫికెట్ వచ్చిన మెయిల్‌కి రిప్లై కొట్టేముందు అడ్రస్‌లో noreply అని ఉందేమో చూసుకోండి, ఉంటే అది ఎవరికీ చేరదు. నిర్వాహకుల ద్వారా పంపడం ఆఖరి దారిగా పెట్టుకోండి, ఆవిడకి చేరిందో లేదో మీకు తెలిసే వీలుండదు. ఎవరినో అడిగి వాట్సాప్ నంబర్ సంపాదించడం మాత్రం వద్దు, ఆవిడ ఇవ్వని నంబర్‌కి మెసేజ్ వెళ్తే ఎంత మంచి మాటైనా ఇబ్బందిగానే ఉంటుంది.

ఫొటో పెట్టాలనుకుంటే పిల్లల నోట్‌బుక్కులవి కాకుండా, మూడు ప్రశ్నలు రాసిన బోర్డు ఫొటో ఒక్కటి పెట్టండి. నోట్‌బుక్ పేజీ మీద పిల్లల పేర్లు, రోల్ నంబర్లు పడతాయి. తప్పుల పేజీ అయితే అసలు ఆ పిల్లో పిల్లాడో అడగకుండా బయటికి పంపడం సరికాదు.

మీ పేజీన్నరని నేను ఇలా కుదించాను. మాటలు మీవే ఎక్కువ, అతుకులు నావి. నచ్చని చోట మార్చుకోండి.

సబ్జెక్ట్: జూన్ వెబినార్‌లో మీరు చూపించిన 'పుస్తకం మూసి రాయడం' – మా 9వ తరగతిలో చేసి చూశాను

మేడం గారికి నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. జూన్ మొదటివారంలో టీచర్ల వెబినార్‌లో మీ మాటలు విన్నాను. పాఠం మళ్లీ చదివించే బదులు పుస్తకం మూయించి, మార్కులు లేకుండా, గుర్తున్నది రాయించమన్నారు. అది జులై నుంచి దసరా దాకా చేసి చూశాకే రాస్తున్నాను.

మొదటివారం కుదరలేదు. తెల్లకాగితం ఇచ్చి నిన్నటి పాఠం రాయమంటే పిల్లలు పరీక్ష అనుకుని భయపడ్డారు, పక్కవాళ్లవి చూసి రాశారు. రెండోవారం నుంచి నేను కొంచెం మార్చుకున్నాను. బోర్డు మీద మూడు ప్రశ్నలు రాస్తాను, ఒకటి నిన్నటిది, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది. రాశాక పుస్తకం తెరిచి వాళ్లే వేరే పెన్‌తో దిద్దుకుంటారు. ఏడు నిమిషాలు పడుతుంది. మొదటి పీరియడ్‌లో ఆ సమయం వాడుకోవడానికి మా హెచ్చెమ్ గారు ఒప్పుకున్నారు.

దసరా సెలవుల తర్వాత చెప్పకుండా సరళ కణజాలాల పేర్లు అడిగితే 38 మందిలో 27 మంది మూడూ రాశారు. ఈ పద్ధతి చేయని సెక్షన్‌లో 36 మందికి 11 మంది రాశారు. వాళ్లకి నా పీరియడ్ మధ్యాహ్న భోజనం తర్వాత, ఆ తేడా కూడా కొంత ఉండొచ్చు. ఆరుగురు పిల్లలు మాత్రం ఇప్పటికీ ఖాళీ పేజీయే ఇస్తున్నారు, వాళ్లతో ఎలా చేయాలో ఇంకా చూస్తున్నాను.

పదమూడేళ్లుగా రివిజన్ అంటే మళ్లీ చదివించడమే అనుకున్నాను. ఆ అలవాటు మార్చింది మీ మాటే. మనస్ఫూర్తిగా ధన్యవాదాలు మేడం.

కింద మీ పేరు, బడి, మండలం రాస్తే చాలు, ఫోన్ నంబర్ అక్కర్లేదు. చివర్లో మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను అని కూడా రాయలేదు, కావాలనే. ఆ మాట లేకపోతే జవాబివ్వడం ఆవిడ ఇష్టం అవుతుంది, ఉంటే ఇంకో పని అవుతుంది. పదమూడేళ్ల వాక్యం మీ డ్రాఫ్ట్ మూడో పేరాలో పొగడ్తల మధ్య ఇరుక్కుని కనపడింది, నాకు అది చదివినప్పుడే మీరు ఎందుకు ఇంతగా థాంక్స్ చెప్పాలనుకుంటున్నారో అర్థమైంది, అందుకే దాన్ని చివరికి తెచ్చాను.

పంపాక రెండు మూడు వారాలు జవాబు రాకపోవచ్చు. నవంబర్, డిసెంబర్‌లలో యూనివర్సిటీల్లో సెమిస్టర్ పరీక్షల హడావుడి ఉంటుంది. చేరిందా మేడం అని మళ్లీ మెయిల్ పెట్టకండి. థాంక్స్‌కి రిమైండర్ పంపితే అది అడిగినట్టే అవుతుంది.

ఈలోగా ఆ ఆరుగురి దగ్గర ఒకటి చేసి చూడండి. పదిరోజులపాటు వాళ్లకి మాత్రం మూడింటిలో ఒక ప్రశ్నకి మొదటి అక్షరం ఇవ్వండి, 'మృ...' అని, లేదా బొమ్మ గీసి పేర్లు మాత్రం పెట్టమనండి. అప్పుడు రాస్తే, విన్నది లోపల ఉంది, బయటికి రావడానికి ఊతం కావాలని అర్థం. అప్పుడూ ఖాళీయే అయితే పాఠం అసలు ఎక్కలేదేమో, లేదా చదవడం రాయడం దగ్గరే ఇబ్బంది ఉందేమో చూడాలి. అలాంటప్పుడు నోటితో చెప్పించి చూడండి, చెప్పగలిగితే ఇబ్బంది రాతలోనే ఉన్నట్టు. ఎవరు ఏ రకమో తేదీ వేసి ఒక పేజీలో రాసి పెట్టుకోండి. మేడం జవాబిచ్చి ఆ పిల్లల గురించి అడిగితే, మీరు పంపాల్సింది ఆ పేజీలో ఉన్నదే.